ప్రిలిమ్స్ చదువు మెయిన్స్‌కి పనికిరావడం లేదా? లోపం ఎక్కడుందో చూద్దాం

సివిల్స్ రాసేవాళ్లలో చాలామంది ఏడాదిని రెండు ముక్కలు చేస్తారు. మే వరకు ప్రిలిమ్స్, ఆ తర్వాత మెయిన్స్. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ 2025లో ప్రిలిమ్స్ మే 25న జరిగితే మెయిన్స్ ఆగస్టు 22న మొదలైంది. మధ్యలో మూడు నెలలు కూడా లేవు. వ్యాసం, నాలుగు జనరల్ స్టడీస్ పేపర్లు, రెండు ఆప్షనల్ పేపర్లు ఆ వ్యవధిలో మొదటి నుంచి చదవడం కుదిరే పని కాదు. అందుకే నెలల్ని పరీక్ష పేరుతో కాకుండా టాపిక్ స్వభావాన్ని బట్టి పంచుకోవాలి. మీ ప్లాన్ ఎక్కడ బెసికిందో కింది లక్షణాలను బట్టి తెలుస్తుంది.

లక్షణం: ఆప్షన్లు చూస్తే జవాబు తెలుస్తుంది, 150 పదాలు రాయమంటే నాలుగో వాక్యం దగ్గర పెన్ను ఆగిపోతుంది

కారణం చాలాసార్లు తెలివి తక్కువై కాదు, నోట్స్ తీరులో ఉంటుంది. ప్రిలిమ్స్ కోసం చదివిన పాలిటీ నోట్స్ అంతా సంఖ్యలు, గడువులు, మినహాయింపులే. ‘ఎందుకు’ అన్న ప్రశ్న అందులో ఎక్కడా ఉండదు. దాంతో జూన్‌లో అదే అధ్యాయానికి రెండో నోట్స్ మొదలవుతుంది. అంటే ఒకే టాపిక్‌కి రెండుసార్లు సమయం పెడుతున్నారు.

పరిష్కారం: ఉమ్మడి టాపిక్‌కి ఒకటే నోట్స్, పేజీని నిలువుగా రెండుగా విడదీసి. రాష్ట్రపతి పాలననే తీసుకోండి.

ఎడమవైపు, ప్రిలిమ్స్‌లో తప్పుదోవ పట్టించే వివరాలు రాయండి. ఆర్టికల్ 356 ప్రకటనను రెండు నెలల్లోగా పార్లమెంటు ఉభయ సభలు ఆమోదించాలి, సాధారణ మెజారిటీ చాలు. ఒక్కోసారి ఆరు నెలల చొప్పున పొడిగించవచ్చు, గరిష్ఠంగా మూడేళ్లు. ఏడాది దాటాలంటే 44వ సవరణ (1978) పెట్టిన షరతులు వర్తిస్తాయి. దాని కిందే ఆర్టికల్ 352 వివరాలు కూడా రాయాలి: అక్కడ గడువు నెల రోజులు, కావాల్సింది ప్రత్యేక మెజారిటీ. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు మార్చి మార్చి అడగడానికి వీలున్న చోటు ఇదే కాబట్టి రెండూ ఒకే చూపులో కనబడాలి.

కుడివైపు వాదన. ఈ అధికారాన్ని చివరి మార్గంగానే వాడాలని సర్కారియా కమిషన్ 1988 నివేదికలో చెప్పింది. ప్రభుత్వ బలం రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే తేలాలని, ప్రకటన న్యాయసమీక్షకు లోబడి ఉంటుందని బొమ్మై తీర్పు (1994) స్పష్టం చేసింది. 2016లో అరుణాచల్ ప్రదేశ్‌లో పదవి కోల్పోయిన ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. ఈ మూడింటి కింద మీ అభిప్రాయం ఒక్క వాక్యం: ‘నిబంధన మారలేదు, దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడే వీలు తగ్గింది.’

‘బొమ్మై తీర్పు తర్వాత ఆర్టికల్ 356 దుర్వినియోగం తగ్గిందా?’ అని పది మార్కులకు అడిగారనుకోండి. ఎడమవైపు నుంచి ఒక వాక్యంతో ఉపోద్ఘాతం, కుడివైపు మూడు అంశాలతో అసలు జవాబు, ఆ చివరి వాక్యంతో ముగింపు. కొత్తగా చదవాల్సింది ఏమీ లేదు. టాపిక్ పూర్తయిన రోజే ఈ జవాబు ఒకసారి రాయాలి. వారం తర్వాత రాద్దాంలే అనుకుంటే ఇక రాసినట్టే.

పాలిటీ, ఆర్థిక వ్యవస్థ, ఆధునిక భారత చరిత్ర, భూగోళం, పర్యావరణంలో విధానాల భాగం ఈ పద్ధతికి బాగా ఒదుగుతాయి. ఎథిక్స్, సమాజం, ప్రపంచ చరిత్ర, అంతర్గత భద్రత మాత్రం మెయిన్స్‌వే, వాటికి ఎడమ గడి అక్కర్లేదు. జీవజాతులు, అభయారణ్యాలు, మ్యాపుల్లాంటి వాటికి కుడి గడి కోసం తంటాలు పడొద్దు. వాటిని చివరి రెండు నెలలకు వదిలేయండి, ముందు చదివినా మరిచిపోతారు.

లక్షణం: జవాబులు బాగా రాస్తున్నారు, ప్రిలిమ్స్ మాక్ టెస్టుల్లో మాత్రం స్కోరు కదలడం లేదు

ముందు తప్పుల్ని వేరు చేయండి. ఒక మాక్ పేపర్ తీసుకుని ప్రతి తప్పు పక్కన ఒక అక్షరం వేయండి: అసలు చదవనిదైతే ‘చ’, చదివి రెండు ఆప్షన్ల మధ్య తికమకపడితే ‘త’, ఊరికే ఊహించి గుర్తు పెట్టినదైతే ‘ఊ’.

‘త’లు ఎక్కువగా ఉంటే జవాబులు రాయడం మరీ ఆలస్యంగా ఆపుతున్నారని అర్థం. మార్చి మధ్యకల్లా జనరల్ స్టడీస్ జవాబులు పక్కన పెట్టి ఎడమ గడులే తిరగేయాలి. రాసే అలవాటు పోతుందన్న భయముంటే ఆదివారం ఒక జవాబు చాలు. ‘చ’లు ఎక్కువైతే ప్రిలిమ్స్‌కే ప్రత్యేకమైన భాగాలు మిగిలిపోయాయన్నమాట.

‘ఊ’లు ఎక్కువైతే చదువు పెంచి లాభం లేదు. 85 ప్రశ్నలకు గుర్తు పెట్టి 50 సరైనవి, 35 తప్పులు అనుకోండి. వంద మార్కుల్లోంచి దాదాపు 23 పోయి 77 దగ్గర ఆగుతారు. ఆ తప్పుల్లో 15 వదిలేసి ఉంటే సుమారు 87. కొత్త అక్షరం ఒక్కటీ చదవకుండానే పది మార్కులు!

లక్షణం: మొదటి పేపర్ బాగుంది, సీశాట్‌లో పోయింది

33 శాతమే కదా అని ఏప్రిల్ దాకా ముట్టుకోకపోవడమే దీనికి కారణం. 30 సరైనవైతే 75 మార్కులు, 12 తప్పులకు పది పోతాయి, మిగిలేది 65. కావాల్సింది 66. లెక్కలు వదిలేసి చాలాకాలమైనవాళ్లు ఏడాది మొదట్నుంచే వారానికి ఒక పూట దీనికి కేటాయించాలి. ఇది ఉమ్మడి టాపిక్ కాదు, మెయిన్స్ చదువు దీన్ని ఏ విధంగానూ ఆదుకోదు.

లక్షణం: ప్రిలిమ్స్ అయ్యాక పుస్తకం పట్టుకోలేకపోతున్నారు

కోచింగ్ సెంటర్ల ఆన్సర్ కీలతో జవాబులు సరిచూసుకుంటూ, కటాఫ్ అంచనాలు వింటూ ఫలితాలు వచ్చేదాకా రోజులు దొర్లిపోతాయి. టెన్షన్ సహజమే. అయితే అసలు కారణం తరచూ వేరే ఉంటుంది: ఆప్షనల్ సిలబస్ సగం కూడా కాలేదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

దీన్ని సరిచేయాల్సింది జూన్‌లో కాదు, ముందటి డిసెంబరులోగా. తొలి ఏడు నెలల్లో సగం సమయం ఉమ్మడి టాపిక్‌లకు, మిగతాది ఆప్షనల్‌కి, కొంచెం ఎథిక్స్‌కి ఇవ్వండి. జనవరి నుంచి మార్చి మధ్య వరకు ఉమ్మడి టాపిక్‌ల రెండో చుట్టు, రాసే సాధన కలిపి నడపండి. అక్కడి నుంచి ప్రిలిమ్స్ దాకా పూర్తిగా ప్రిలిమ్స్. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు ఈ లెక్క కుదరకపోతే కుదించాల్సింది ఉమ్మడి భాగాన్ని కాదు, ఎథిక్స్‌ని. దాన్ని ప్రిలిమ్స్ తర్వాత కూడా అందుకోవచ్చు.

ప్రిలిమ్స్ అయిన మూడో రోజున ఆప్షనల్‌లో మీకు బాగా వచ్చిన యూనిట్‌తోనే మొదలుపెట్టండి. రానిదానితో మొదలుపెడితే ఆ వారమంతా కీల చుట్టూనే తిరుగుతారు. స్కోరు ఏ అంచనాకైనా మరీ దిగువన ఉంటే కూడా ఆప్షనల్ చదవండి, వచ్చే ఏడాదికి ఆ భారం తగ్గుతుంది. అయితే అప్పుడు టెస్ట్ సిరీస్‌కి డబ్బు కట్టొద్దు.