స్పైక్‌నీ టెక్నికల్ డెట్‌నీ బోర్డు మీదకు తెచ్చాక

మా టీమ్‌లో టెక్నికల్ డెట్‌ని, అంటే పాత కోడ్ బాగుచేసే పనిని, మేం స్టోరీల ఎస్టిమేట్లలోనే కలిపేసేవాళ్లం. కూపన్ స్టోరీకి 8 పాయింట్లు వేస్తే, "పోయినసారి ఇలాంటిదే 3 కదా?" అని ప్రొడక్ట్ ఓనర్ అడిగారు. తప్పు ఆవిడది కాదు, అసలు కారణం ఆవిడకు కనపడనివ్వలేదు మేం.

ఆ కారణం ఏంటంటే, ధర లెక్కించే కోడ్ మూడు చోట్ల కాపీ అయి ఉంది. దాన్ని బాగుచేయడానికి విడిగా టికెట్ తెరిచాను. "రీఫ్యాక్టర్ చేయాలి" అని రాస్తే ఆవిడకు ఏమీ అర్థం కాదు. అందుకే గత మూడు స్ప్రింట్లలో ఈ కోడ్‌ని తాకిన స్టోరీలన్నీ లింక్ చేసి, ఒక్కోదానికి ఎన్ని రోజులు అదనంగా పట్టాయో రాశాను. మొత్తం 6 రోజులు. బాగుచేయడానికి 4 రోజులు చాలు. అది చూసి ఆవిడే టికెట్‌ని కూపన్ స్టోరీ కంటే పైకి జరిపారు. ఇలాంటి లెక్క తేలని డెట్‌ని నేనైతే ప్లానింగ్‌కి తీసుకురాను.

స్పైక్ అంటే తెలియని విషయాన్ని తేల్చుకోవడానికి గడువు పెట్టుకుని చేసే పరిశీలన, దాని సంగతి వేరు. కొత్త పేమెంట్ గేట్‌వే పాక్షిక రీఫండ్ ఇస్తుందా అన్నది మాకు తెలియదు. ఆ ఒక్క ప్రశ్ననే టైటిల్‌గా పెట్టి, పాయింట్లు వేయకుండా, ఒకరి కెపాసిటీలోంచి 2 రోజులు తీసేశాం. జవాబు దొరకకపోయినా రెండో రోజు సాయంత్రం ఆపి, తెలిసినంత టికెట్‌లో రాయాలి. గడువు పొడిగించాలా వద్దా అన్నది ఆవిడ నిర్ణయం. రీఫండ్ స్టోరీని మాత్రం ఆ స్ప్రింట్‌లో పెట్టుకోలేదు, స్పైక్ జవాబు వచ్చాకే ఎస్టిమేట్ చేశాం.