ఫొటో తీసిన లెటర్‌హెడ్ నుంచి లోగోను వేరుచేయడం: మరకలు, తెల్లని అంచు

సమస్య

లెటర్‌హెడ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి, జింప్‌లో `Fuzzy Select`తో కాగితం భాగాన్ని ఎంచుకుని తొలగిస్తే, ఒక పక్క శుభ్రంగా పోతుంది గానీ మరో పక్క బూడిదరంగు మరకలు మిగులుతాయి. `Threshold` పెంచితే మరకలతో పాటు లోగోలోని సన్నని గీతలు కూడా తెగిపోతాయి. ఎలాగో శుభ్రం చేసినా, ముదురు బ్యానర్ మీద పెట్టగానే చుట్టూ తెల్లని అంచు బయటపడుతుంది.

కారణం

మరకలకు కారణం వెలుతురు. ఇటీవల నేను సరిచేసిన ఒక సంఘం లెటర్‌హెడ్‌లో కాగితపు పిక్సెల్‌ల వెలుగు విలువ కిటికీ వైపు 235, అవతలి వైపు 180 ఉంది; కంటికి మాత్రం రెండూ తెలుపే. తెల్లని అంచుకు కారణం వేరు: గీత అంచున ఉన్న ప్రతి పిక్సెల్‌లో సిరా, కాగితం కలిసే ఉంటాయి కాబట్టి, ఉంచాలా తీసేయాలా అని మాత్రమే తేల్చే పనిముట్టు ఆ మిశ్రమాన్ని విడదీయలేదు.

పరిష్కారం

ముందుగా వెలుతురును సమం చేయాలి. లెటర్‌హెడ్‌ను ఉన్నచోటే వెనక్కి తిప్పి, ఫోన్ కదపకుండా ఖాళీ వైపు మరో ఫొటో తీయండి. అచ్చు వెనక్కి కనిపించేంత పల్చటి కాగితమైతే అదే రకం ఖాళీ కాగితం వాడండి. ఆ ఫొటోను పై లేయర్‌గా పెట్టి, `Gaussian Blur` సుమారు 30 ఇచ్చి, లేయర్ మోడ్‌ను `Divide`గా మార్చితే కాగితమంతా దాదాపు ఒకే తెలుపుకు వస్తుంది. అసలు ఫొటో నకలునే మసకబార్చి వాడేవారున్నారు. సన్నని అక్షరాలకు అది సరిపోతుంది గానీ, మందపాటి ముద్ద ఉన్న లోగోలో నడుమ భాగం వెలిసిపోతుంది.

తర్వాత `New from Visible`తో వచ్చిన లేయర్‌ను లోగో వరకు కత్తిరించి, కింది రెండు లేయర్లను కనిపించకుండా దాచి, ఈ కొత్త లేయర్‌కు `Grayscale copy of layer` రకం మాస్క్‌ను `Invert mask` గుర్తుతో చేర్చండి. సిరా ఉన్నచోటు తెల్లగా, కాగితం నల్లగా మారుతుంది. ఆ సంఘం లోగోలోని నీలం సిరా మాస్క్‌లో పూర్తి తెలుపు కాకుండా 190 దగ్గర ఆగింది కనుక, మాస్క్ మీదే `Levels` తెరిచి తెలుపు స్లయిడర్‌ను 185కు, నలుపు స్లయిడర్‌ను 20కి జరిపాను. మిగిలిన కాగితపు గరుకు కూడా దానితోనే పోయింది. చివరగా మాస్క్‌ను కాక లేయర్‌నే ఎంచుకుని, గీత మధ్య నుంచి తీసుకున్న ఒకే నీలంతో నింపాలి. అంచులోని కాగితపు తెలుపు ఈ దశలోనే మాయమవుతుంది.

ఈ పద్ధతి ఒకే రంగు లోగోకే నేరుగా పనిచేస్తుంది. రెండు రంగులుంటే ఒక్కో రంగుకు ఒక్కో లేయర్, మాస్క్ చేయాలి. లోగో లోపలి తెల్లని అక్షరాలు కూడా పారదర్శకమవుతాయి కాబట్టి, అవి తెల్లగానే ఉండాలంటే కింద తెల్లని ఆకారం వేయాలి.

అంతా సరిగా చేసినా నేపథ్యం మళ్లీ తెల్లగానో నల్లగానో కనిపిస్తే, ఫైలు జేపెగ్‌గా మారిందేమో చూడండి. ఆ రకంలో పారదర్శకత ఉండదు. పీఎన్‌జీగా ఎగుమతి చేసి, వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా జతచేయాలి.