ముందస్తు చెల్లింపు తగ్గింపు: బిల్లుపై రాసే వాక్యం మార్చాక

మాది యంత్ర విడిభాగాల సరఫరా. బిల్లుపై ‘10 రోజుల్లో చెల్లిస్తే 2 శాతం తగ్గింపు’ అని ఉండేది. కొందరు సరుకు అందిన రోజు నుంచి లెక్కించేవారు. మరికొందరు జీఎస్టీతో కలిపిన మొత్తంపై తగ్గించేవారు. వసూళ్లలో చిల్లర తేడాలు తేల్చడం పెద్ద తలనొప్పి.

ఇప్పుడు శాతంతో పాటు తేదీ, రూపాయలు కూడా రాస్తున్నాను. సరుకు విలువ 1,00,000, జీఎస్టీ 18,000 అనుకుందాం. జూన్ 5 నాటి బిల్లుపై ఇలా ఉంటుంది:

‘జూన్ 15లోగా మా ఖాతాలో జమ అయితే చెల్లించవలసినది రూ.1,16,000. తగ్గింపు రూ.2,000, సరుకు విలువపై మాత్రమే; జీఎస్టీ పూర్తిగా చెల్లించాలి. ఆ తర్వాత జూలై 5లోగా రూ.1,18,000.’

‘జమ అయితే’ అన్న మాట ముఖ్యం; లేకపోతే చెక్కు రాసిన తేదీనే చూపిస్తారు. డబ్బు వచ్చాక రూ.2,000కు జీఎస్టీ లేని క్రెడిట్ నోట్ పంపుతాను. వారి పుస్తకాల్లోనూ ఆ బిల్లు ముగుస్తుంది.