మెసేజ్ రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: మనం చూడని అమ్మగారి గురించి

తెలిసిన పెద్దాయన పోతే ఆయన పిల్లలకి ఏం రాయాలో పోయిన పాఠంలో చూశాం. ఈసారిది ఇంకొంచెం కష్టం. తోటి ఉద్యోగి తల్లి పోయారు, ఆవిణ్ణి మీరు ఒక్కసారి కూడా చూడలేదు. ఇక్కడే చాలామంది చెయ్యి "ప్రగాఢ సానుభూతి" వైపు పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు నరసాపురంలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతారు. పక్క కుర్చీలో లెక్కల మాస్టారు. ఆయనది అవతలి ఒడ్డు, సఖినేటిపల్లి వైపు. రోజూ పంటు మీద గోదారి దాటి వస్తారు. పొద్దున్నే హెడ్మాస్టారు ఫోన్ చేసి, మాస్టారి అమ్మగారు రాత్రి పోయారని చెప్పారు. స్టాఫ్ గ్రూపులో అప్పటికే అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టేస్తున్నారు. మీరు గ్రూపులో పెట్టకుండా విడిగా ఆయనకే రాయండి, అదీ ఆ రోజే. మొదటి ప్రయత్నం మామూలుగా ఇలా వస్తుంది:

"మీ మాతృమూర్తి పరమపదించారని తెలిసి చాలా బాధపడ్డాను. దేవత లాంటి మనిషి. ఆమె లేని లోటు తీరనిది. ఆమె ఆత్మకు శాంతి చేకూరాలి. ధైర్యంగా ఉండండి. ఏ అవసరమున్నా ఫోన్ చేయండి."

పేరు మారిస్తే ఇది ఎవరికైనా పంపొచ్చు. ఇందులో పెద్ద తప్పు "దేవత లాంటి మనిషి". మీరు ఆవిణ్ణి చూడలేదని మాస్టారికి తెలుసు. ఆ ఒక్క ముక్కతో మిగతా మెసేజ్ మీద కూడా నమ్మకం పోతుంది. "పరమపదించారు" ఫ్లెక్సీ మీద బాగుంటుంది. ఆయనతో రోజూ మాట్లాడే మీ నోట్లోంచి అయితే "పోయారు" అనే వస్తుంది, అదే రాయండి. చివరి వాక్యం సాయంలా కనిపిస్తుంది గానీ, ఏం కావాలో ఆలోచించి అడిగే పని మళ్ళీ ఆయన మీదే పెడుతోంది.

మరి ఆవిడ గురించి మీకేం తెలుసు? చూడకపోయినా విని ఉంటారు. మాస్టారి మాటల్లో, ఫోన్లలో, కారియర్లో ఆవిడ ఉంటారు. ఒక కాగితం తీసుకుని, విన్నవీ కళ్ళతో చూసినవీ మాత్రమే రాసుకోండి. మన ఉదాహరణలో ఇవి దొరికాయి: సాయంత్రం బెల్లు కొట్టగానే ఆయనకి ఇంటినుంచి ఫోన్ వస్తుంది, "పంటు దొరికిందా" అని. వరదకి పంటు ఆపేసిన రోజు ఆ ఫోన్ ఆగకుండా మోగింది. సంక్రాంతి తర్వాత ఆయన పట్టుకొచ్చే అరిసెలు ఆవిడ చేసినవే. మూడూ వాడక్కర్లేదు, ఒక్కటి చాలు. అరిసెలు స్టాఫంతా తిన్నారు, వాటి గురించి ఎవరైనా రాస్తారు. ఫోన్ మాట పక్క కుర్చీలో కూర్చున్న మీకే తెలుసు, అందుకని దాన్నే ఉంచుదాం:

"మాస్టారూ, అమ్మగారు పోయారని పొద్దున్న హెడ్మాస్టారు చెప్పారు. ఆవిణ్ణి నేను చూడలేదు. కానీ బెల్లు కొట్టగానే మీ ఫోన్ మోగడం, 'ఆఁ, రేవు దగ్గరికి బయల్దేరుతున్నానమ్మా' అని మీరనడం రోజూ విన్నాను. వరదకి పంటు ఆగిన రోజు ఆవిడ ఎంత కంగారు పడ్డారో మీ మొహంలోనే తెలిసింది. ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్లు మీరొచ్చేదాకా నేను తీసుకుంటాను, యూనిట్ టెస్ట్ పేపర్లు కూడా దిద్దేస్తాను. దీనికి జవాబు రాయక్కర్లేదు."

"ఆవిణ్ణి నేను చూడలేదు" అని ఒప్పేసుకోవడం వల్లే తర్వాతి మాట నిలబడింది. సాయం కూడా ఆయన అడగక్కర్లేనిదే చెప్పాం. పీరియడ్లు నిజంగా తీసుకోగలిగితేనే ఆ మాట రాయండి సుమా, కుదరకపోతే దాన్ని తీసేసినా మెసేజ్ పాడవదు.

"ఎలా జరిగింది?" అని అడగొద్దు, ఆయన అప్పటికే వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి అలిసిపోయి ఉంటారు. "పెద్ద వయసేగా, మంచం పట్టకుండా వెళ్ళారు" అనే మాట వాళ్ళింట్లోవాళ్ళు అనుకుంటే వేరు, మీరు రాస్తే వేరు. పలకరింపుకి వెళ్ళే రోజు మెసేజ్‌లో పెట్టకండి. కొన్ని ఇళ్ళల్లో మంగళ, శుక్రవారాలు రానివ్వరు, దగ్గరివాళ్ళని కనుక్కుని వెళ్ళండి. అక్కణ్ణుంచి లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనం కదా, మెసేజ్ చివర కూడా "మళ్ళీ కలుద్దాం" లాంటివి వద్దు. క్రైస్తవుల ఇల్లయితే ఆదరణ కూడిక ఎప్పుడో కనుక్కోండి. మెసేజ్ మాత్రం ఇదే పద్ధతి.

అభ్యాసం: మీ ఆఫీసులో పక్క సీటువాళ్ళ అమ్మానాన్నల్లో ఒకరి గురించి, వాళ్ళు బతికుండగానే, మీరు విన్న ఒక్క విషయం రెండు వాక్యాల్లో రాయండి. పొగడ్త ఒక్కటి కూడా ఉండకూడదు. వచ్చే పాఠంలో పదిహేను రోజులు ఆలస్యంగా తెలిసినప్పుడు ఏం రాయాలో చూద్దాం.