క్రియాటిన్ డబ్బా తెరవడానికి ముందు

☐ కండరాల బలం కోసం వాడే ఈ పొడి మొదలుపెట్టక ముందే, మూత్రపిండాల పనితీరు చూసే సీరం క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించి, ఆ రిపోర్టు దాచుకోండి. క్రియాటిన్ శరీరంలో క్రియాటినిన్‌గా మారుతుంది కాబట్టి మూత్రపిండాలు బాగున్నా ఆ అంకె కొద్దిగా పెరగవచ్చు. పాత రిపోర్టులో 1.0 ఉండి, నెల తర్వాత 1.2 వచ్చిందనుకోండి. కంగారు పడకండి, కొట్టిపారేయకండి కూడా. క్రియాటిన్ వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పండి. చెప్పకపోతే ఆయన ముందు ఉండేది ఆ అంకె ఒక్కటే. మూత్రపిండాల పనితీరునే చూసే సిస్టాటిన్ సి అనే మరో రక్త పరీక్షపై క్రియాటిన్ ప్రభావం ఉండదు. దానితో పాటు మూత్రంలో ప్రోటీన్ కూడా చూస్తే అసలు సంగతి తేలుతుంది.

☐ మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఆ అవయవాలపై భారం వేసే మందులు వాడేవారు డాక్టరు ఒప్పుకోనిదే ముట్టుకోవద్దు. ఆరోగ్యవంతులకు సరైన మోతాదులో హాని జరిగినట్టు పరిశోధనల్లో తేలలేదు.

☐ లోడింగ్, అంటే మొదట కొన్ని రోజులు ఎక్కువ మోతాదు తీసుకోవడం, తప్పనిసరి కాదు. రోజుకు 20 గ్రాములు, నాలుగు భాగాలుగా, 5 నుంచి 7 రోజులు తీసుకుంటే కండరాలు క్రియాటిన్‌తో త్వరగా నిండుతాయి. రోజుకు 3 నుంచి 5 గ్రాములతోనూ మూడు నాలుగు వారాల్లో అక్కడికే చేరతారు. కొత్తవారికి ఈ నిదానమే మేలని నా అభిప్రాయం. లోడింగ్‌లో కడుపు ఉబ్బరం, విరేచనాలు మామూలే, ముఖ్యంగా ఒకేసారి 10 గ్రాములు మింగేవారికి.

☐ డబ్బాలోని చెంచాను నమ్మకుండా ఒకసారి తూచి చూడండి.

☐ బిందెల కొద్దీ నీళ్లు అక్కర్లేదు. దాహానికి తగ్గట్టు తాగుతూ, మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా చూసుకుంటే చాలు. మొదట్లో కిలో బరువు పెరిగితే అది ఎక్కువగా కండరాల్లో చేరిన నీరే.