"సైజు తప్పు కుట్టారు" అని మెసేజ్ వస్తే: తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోవడం ఎలా

చిన్న ఊళ్లో చొక్కాలు కుట్టే ఒక టైలర్ ఫోన్లో ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టాడు. మనిషి ఎదురుగా నిలబడితే టేపు పట్టుకున్న చేతికి చాలా సంగతులు తెలిసిపోతాయి. ఏ భుజం కాస్త వాలుగా ఉంది, పొట్ట ఎంత ముందుకుంది, ఎంత లూజుగా వేసుకునే అలవాటు, ఇవన్నీ అడగకుండానే అర్థమవుతాయి. ఫోన్లో అవేవీ రావు, అంకెలు మాత్రమే వస్తాయి. ఆ అంకెల వెంటే "అన్నా, సైజు తప్పు కుట్టావు" అన్న మెసేజ్‌లు కూడా వచ్చాయి.

మొదట్లో ప్రతి గొడవా ఒకే దారిలో నడిచేది. "నేను 40 అని రాశాను కదా" అని కస్టమర్, "నేనూ 40కే కుట్టాను" అని టైలర్. ఇద్దరూ నిజమే చెప్పేవారు, అయినా చొక్కా పట్టేది కాదు. అందుకే అతను ఎవరిది తప్పు అన్న మాట పక్కనపెట్టి, తేడా ఏ దశలో వచ్చిందో వెతకడం నేర్చుకున్నాడు. దానికి మూడు కొలతలు కావాలి: ఆర్డర్‌లో వచ్చిన కొలత, కొరియర్‌కి ఇచ్చే ముందు చొక్కా కొలత, ఫిర్యాదు వచ్చిన రోజున అదే చొక్కా కొలత. ఈ మూడింట్లో ఏ రెండు కలవడం లేదో చూస్తే కారణం చాలావరకు బయటపడుతుంది.

ముందుగా కొలిచే పద్ధతి ఒకటే ఉండాలి

చొక్కా బొత్తాలు పెట్టి, బల్ల మీద పరిచి, ముడతలు చేత్తో సరిచేయాలి. సాగదీయకూడదు. ఒక చంక కుట్టు కింద నుంచి రెండో చంక కుట్టు కింద దాకా అడ్డంగా కొలిచి, రెండింతలు చేస్తే ఛాతీ కొలత వస్తుంది. పొడవు వెనక వైపు, కాలర్ కుట్టు దగ్గర నుంచి కింది అంచు వరకు. భుజం ఒక చేతి కుట్టు నుంచి రెండో చేతి కుట్టు వరకు.

ఇప్పుడు ఆ టైలర్ పార్సిల్ కట్టే ముందు ఈ మూడు కొలతలూ తీస్తాడు, టేపు మీద అంకె కనబడేలా ఫొటోలు తీసి ఆర్డర్‌తో పాటు దాచుకుంటాడు. ఫిర్యాదు వస్తే కస్టమర్‌ని కూడా సరిగ్గా అవే మూడు ఫొటోలు అడుగుతాడు. "ఎంత టైటుగా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబుతో ఏ పనీ జరగదు. ఒకరి టైటు ఇంకొకరికి చక్కటి ఫిట్టింగ్.

టేపు సంగతి కూడా చూసుకోవాలి. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. స్టీలు స్కేలు పక్కన పెట్టి అప్పుడప్పుడూ సరిచూసుకుని, తేడా వస్తే పారేయడమే మంచిది.

సమస్య: చొక్కా సంచిలా లూజుగా వచ్చింది. పంపేటప్పుడూ ఇప్పుడూ కొలత ఒకటే

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే. ఒక కస్టమర్ ఛాతీ 44 అంగుళాలు అని రాశాడు. టైలర్ అది ఒంటి కొలత అనుకుని, గాలాడటానికీ చెయ్యి కదలడానికీ మామూలుగా కలిపే 4 అంగుళాలు కలిపి 48కి కుట్టాడు. ఫొటోల్లో పంపేముందు 48, ఇప్పుడూ 48. కుట్టులో తప్పు లేదు, గుడ్డ కుంచించుకుపోనూ లేదు. అంటే మొదటి అంకెనే ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు.

టైలర్ ఒక్క ప్రశ్న అడిగాడు: "ఈ 44 మీ ఒంటి మీద టేపు పెట్టి తీసిందా అండీ, లేక మీ పాత చొక్కాని కొలిచి తీసిందా?" పాత చొక్కాదే. అందులో ఆ 4 అంగుళాల లూజు ముందే ఉంది. దాని మీద మళ్లీ 4 చేరింది.

బాగు చేయడం కుదురుతుంది, కానీ పక్క కుట్లు లోపలికి వేసేస్తే సరిపోదు. చొక్కాకి రెండు పక్కలు, ఒక్కో పక్క ముందు ముక్కా వెనక ముక్కా కలిపి రెండు పొరలు. 4 అంగుళాలు తగ్గాలంటే ఒక్కో పొర నుంచి 1 అంగుళం లోపలికి రావాలి. అంత తీస్తే చంక దగ్గర చెయ్యి అతికే చోటు కూడా మారుతుంది. కాబట్టి చేతుల కుట్టు చంక కింది భాగంలో విప్పి, పక్కలు కుట్టి, చేతిని మళ్లీ అమర్చాలి. తగ్గించాల్సింది 2 అంగుళాల లోపైతే చాలాసార్లు చెయ్యి విప్పకుండానే, పక్క కుట్టునీ చేతి కింది కుట్టునీ ఒకే వరసలో లోపలికి తెస్తే పని అయిపోతుంది.

ఇలాంటిది మళ్లీ రాకుండా అతను ఆర్డర్ ఫారం మార్చాడు. "ఛాతీ ఎంత?" అన్న గడి తీసేశాడు. దాని బదులు "మీకు బాగా సరిపోయే చొక్కాని పరిచి, చంక నుంచి చంకకి కొలిచి, ఫొటో పెట్టండి" అని పెట్టాడు. నా దృష్టిలో అతను చేసిన మార్పుల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. ఒంటి మీద కొలత ఎవరికి వారు తీసుకుంటే టేపు వెనక వైపు కిందికి జారుతుంది, ఊపిరి బిగపడతారు, లేదా మందపాటి బట్ట మీద నుంచే కొలిచేస్తారు. బల్ల మీద పరిచిన చొక్కాకి ఈ తిప్పలు లేవు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మాదిరి చొక్కా టీషర్టులా సాగే గుడ్డది కాకూడదు. సాగే గుడ్డ తక్కువ కొలతలోనూ ఒంటికి సుఖంగా ఉంటుంది, అదే కొలతకి సాగని కాటన్‌తో కుడితే బొత్తాలు పట్టవు.

ఒంటి కొలతే పంపుతామనే వాళ్లకి వేరే గడి ఉంది. అంగుళాలా సెంటీమీటర్లా అన్నది కూడా అక్కడే ఎంచుకోవాలి. ఛాతీ 100 అని వస్తే అది సెంటీమీటర్లని ఎవరికైనా తెలుస్తుంది. చేతి పొడవు 24 అని వస్తే అది అంగుళాల్లో పొడుగు చెయ్యి, సెంటీమీటర్లలో పొట్టి చెయ్యి. రెండూ నమ్మేలాగే ఉంటాయి, అందుకే అడగాలి.

సమస్య: మొదట సరిపోయింది, ఇప్పుడు టైట్. పంపేటప్పటి కొలతకీ ఇప్పటి కొలతకీ తేడా ఉంది

ఇంకో కస్టమర్ కోపంగా రాశాడు, ఒక్కసారి వేసుకున్నాక చొక్కా పట్టడం లేదని. పంపేముందు ఫొటోలో చంక నుంచి చంకకి 22, అంటే ఛాతీ 44. పొడవు 30. కస్టమర్ పంపిన ఫొటోల్లో అవి 21¼, 29. ఛాతీ 42½కి వచ్చింది. రెండు దిక్కులా నూటికి మూడు వంతులకి కాస్త పైన తగ్గింది. కొలవడంలో తేడా అయితే ఒక్క కొలతే తప్పుతుంది, అన్నీ ఇంచుమించు ఒకే పాళ్లలో తగ్గవు. అన్నీ కలిసి తగ్గాయంటే గుడ్డ కుంచించుకుపోయిందనే చెప్పాలి. ఉతికారా అని అడిగితే, ఉతికామనే జవాబు వచ్చింది.

ఇక్కడ బాధ్యత టైలర్‌దే. నీళ్లు తగలని కొత్త కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు తగ్గడం మామూలే. అది ముందే చూసుకోవాల్సింది కత్తెర పట్టినవాడు. "మీరు వేడినీళ్లలో ఉతికి ఉంటారు" అని కస్టమర్ మీదకి నెట్టడానికి అతను ఒప్పుకోలేదు. చొక్కా వెనక్కి తెప్పించి, పోను రాను కొరియర్ ఖర్చు తనే పెట్టుకున్నాడు.

లోపల ఒక్కో పొరకి 1 అంగుళం గుడ్డ వదిలి కుట్టడం అతని అలవాటు కాబట్టి దారి దొరికింది. ఒక్కో పొర నుంచి అర అంగుళం వదిలితే నాలుగు పొరలకి 2 అంగుళాలు వస్తుంది, 42½ కాస్తా 44½ అవుతుంది. ఇది మామూలు కుట్టు వేసి అంచుకి ఓవర్‌లాక్ చేసినప్పుడే కుదురుతుంది. రెడీమేడ్ చొక్కాల్లోలా అంచులు లోపలికి మడిచి రెండు వరసల కుట్టు వేస్తే వదలడానికి గుడ్డే మిగలదు. పాత కుట్టు గీత, సూది రంధ్రాలు కొంతకాలం కనిపిస్తాయి. ఆవిరి ఇస్త్రీతో చాలావరకు పోతాయి, మెరిసే గుడ్డ మీద మాత్రం పోకపోవచ్చు. ఆ మాట కుట్లు విప్పక ముందే కస్టమర్‌కి చెప్పాలి.

పోయిన 1 అంగుళం పొడవు మాత్రం తిరిగి రాదు. అంచు మడత విప్పి సన్నగా కుడితే పావు అంగుళం దక్కుతుందేమో. అదీ చెప్పి, ఆ పొడవు చాలదంటే కొత్తది కుట్టిస్తానన్నాడు. కస్టమర్ ఛాతీ సరిచేస్తే చాలన్నాడు.

ఇప్పుడు ప్రతి కొత్త తాను నుంచి ఒక ముక్క కోసి, దాని మీద నిలువునా అడ్డంగా 20 అంగుళాలు గుర్తు పెట్టి, ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలుస్తాడు. నిలువుకీ అడ్డానికీ తగ్గుదల వేరుగా ఉంటుంది కాబట్టి రెండూ చూడాలి. 20లో అర అంగుళానికి మించి తగ్గితే, గుడ్డంతా తడిపి ఆరేశాకే కత్తెర.

సమస్య: కొలతలన్నీ కలిశాయి, అయినా "టైట్" అంటున్నారు

ఇక్కడ అంకెలు పనిచేయవు, ముడతలు చూడాలి. చొక్కా వేసుకుని ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, చేతులు ముందుకు చాచి ఒకటి, మూడు ఫొటోలు అడగాలి. బొత్తాల దగ్గర నుంచి పక్కలకి అడ్డంగా గీతలు లాగుతుంటే ఛాతీ లేదా పొట్ట దగ్గర గుడ్డ చాలలేదు, పక్కలు వదలాలి. ముందు బాగానే ఉండి, చేతులు చాచినప్పుడు రెండు రెక్కల మధ్య వీపు బిగుసుకుంటే వీపు వెడల్పు చాలలేదు. పక్కలు వదిలితే అది తీరదు.

చెయ్యి ఎత్తగానే చొక్కా మొత్తం పైకి లేస్తుంటే చంక గుండ్రం బాగా కిందికి కోసినట్టు. చాలామంది ఇక్కడ చంక ఇంకా కిందికి కోసి లూజు చేయాలని చూస్తారు, దాంతో కదలిక మరింత తగ్గుతుంది. చంక ఒంటికి దగ్గరగా, పైకి ఉంటేనే చెయ్యి స్వేచ్ఛగా లేస్తుంది. కోసేసిన గుడ్డని పైకి తేలేం కాబట్టి, చంక కింద చిన్న పలక ముక్క కలిపి కుట్టడం ఒక్కటే మార్గం. అదే గుడ్డ ముక్క మిగిలి ఉండాలి. అందుకే ప్రతి ఆర్డర్‌లో మిగిలిన ముక్కలు అతను కొన్నాళ్లు దాచి ఉంచుతాడు.

ఆర్డర్ కొలతకీ పంపిన కొలతకీ తేడా ఉంటే

ఇందులో వాదనే లేదు. ఫారంలో ఉన్న కొలతకి కలపాలనుకున్న లూజు కలిపితే వచ్చే అంకెకీ, పంపిన చొక్కా కొలతకీ అర అంగుళం కంటే ఎక్కువ తేడా వస్తే అది కటింగ్‌లోనో కుట్టులోనో జరిగిన తప్పు. ఫొటో తీసేటప్పుడే దొరికితే పార్సిల్ కట్టకముందే సరిచేయొచ్చు. దాటిపోతే ఉచితంగా సరిచేయాలి. భుజం చిన్నదిగా కోసినా, మెడ పెద్దదిగా కోసినా కొత్త చొక్కాయే. ఆ రెండు చోట్లా వదలడానికి లోపల గుడ్డ ఉండదు.

కస్టమర్‌కి రాసే మొదటి జవాబు

అతను ఇప్పుడు ప్రతి ఫిర్యాదుకీ ఇలాగే మొదలుపెడతాడు: "చొక్కా సరిపోలేదంటే బాధగా ఉందండీ, సరిచేద్దాం. దయచేసి ఉతకకుండా ఉంచి, పరిచి ఈ మూడు కొలతల ఫొటోలు పంపండి. నేను పంపేముందు తీసినవి కింద పెడుతున్నాను." ముందే తన ఫొటోలు చూపించేసరికి అవతలివాళ్లు కూడా టేపు పట్టుకుంటారు. కొలతలు వచ్చాక ఏ దశలో తేడా వచ్చిందో, ఏది బాగవుతుందో, ఏది కాదో, కొరియర్ ఖర్చు ఎవరిదో ఒకే మెసేజ్‌లో రాస్తాడు. కస్టమర్ ఇచ్చిన కొలతే తప్పయితే మొదటి ఆల్టరేషన్ కూలి తీసుకోడు, కొరియర్ మాత్రం వాళ్లని పెట్టుకోమంటాడు. ఈ షరతు ఆర్డర్ ఫారంలోనే, కొలతల గడులకి పైన రాసి ఉంటుంది.