సాయంత్రమైతే ఆగని మోటారు: నా అనుభవం

అమలాపురం దగ్గర మా ఇంట్లో, ట్యాంకు నిండగానే మోటారును ఆపే జిగ్బీ సెన్సార్ పెట్టాను. జిగ్బీ అంటే చిన్న పరికరాలు తీగల్లేకుండా మాట్లాడుకునే పద్ధతి, వైఫైలాగే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలనే వాడుతుంది. పగలంతా బుద్ధిగా పనిచేసేది. రాత్రి అందరూ ఫోన్లలో సినిమాలు పెట్టగానే మొరాయించేది. నీళ్లు పొంగి కొబ్బరి మొక్కల పాదులు నిండేవి. బ్యాటరీ మార్చాను, దండగ. చివరికి ఒక రాత్రి వైఫై రూటర్‌ను పది నిమిషాలు ఆపి చూశాను. మోటారు ఠక్కున ఆగింది. దొంగ దొరికాడు.

రూటర్ 6వ ఛానల్‌లో ఉంది. అంటే 2437 మెగాహెర్ట్జ్ చుట్టూ దాదాపు 20 మెగాహెర్ట్జ్ దానిదే. నా జిగ్బీ 18వ ఛానల్, 2440. సరిగ్గా దాని ఒడిలోనే! అంకెలు వేరు కదా అని ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నాను. ఈ రెండింటి ఛానల్ లెక్కలు వేరువేరు.

రూటర్‌లో ‘ఆటో’ తీసేసి 1వ ఛానల్, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఖాయం చేశాను. 40 పెడితే మళ్లీ పక్కకు పాకుతుంది. జిగ్బీని 25కు, అంటే 2475కు మార్చాను. పక్కింటి వైఫై 11లో ఉన్నా దీనికి పెద్దగా తగలదు. 26 ఇంకా దూరమే కానీ, కొన్ని పరికరాలు అక్కడ బలం తగ్గించి పంపుతాయి.

ఛానల్ మారాక రెండు సెన్సార్లను మళ్లీ జతచేయాల్సి వచ్చింది. బ్లూటూత్ స్పీకర్ జోలికి పోలేదు. అదీ ఈ తరంగాలనే వాడినా, రద్దీ ఉన్న ఛానళ్లను వదిలి తనంతట తానే గెంతుతూ పోతుంది.